కువైట్‌లో పెరిగిన పిల్లకు తెలుగు చదవడం ఎట్ల నేర్పించాల?

ప్రశ్న: మా మేనకోడలికి 12 ఏండ్లు, కువైట్‌లోనే పుట్టి పెరిగింది. తెలుగు అంతా అర్థమయితుంది, అవ్వతో గలగలా మాట్లాడుతుంది. చదవడం, రాయడం మాత్రం రాదు. బడిలో ఇంగ్లీషు, హిందీ చదువుతుంది. సెలవలకు రెండు నెలలు కడపకు వస్తాంది. పోయినసారి అఆలు మొదలుపెడితే కొన్నాళ్లకే విసుక్కుని నోటుబుక్కు పక్కన పెట్టేసింది. ఎట్ల నేర్పించాల?

జవాబు:

మొదట ఒక పరీక్ష పెట్టండి. చిన్నపిల్లల కథ ఒకటి తీసుకుని అర పేజీ మీరే పైకి చదవండి, తర్వాత ఏం జరిగిందో ఆ పాపను చెప్పమనండి. చెప్పగలిగితే భాషకు లోటు లేదు, రానిది లిపి ఒక్కటే. తడబడితే పుస్తకంలోని తెలుగు ఆమె చెవికి కొత్త. అప్పుడు రోజూ కాసేపు చదివి వినిపించడం కూడా లిపితోపాటే సాగాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో ఎక్కువగా ఈ రెండూ కొంత కొంత ఉంటాయి.

అఆలు వరసగా దిద్దించడం ఈసారి వద్దు. ఋ, ఙ, ఞ లాంటివి ఆమె నోట్లో ఆడే మాటల్లో ఎక్కడా తగలవు. పన్నెండేండ్ల పిల్లకు అవి దిద్దిస్తే విసుగు రాక ఏమొస్తుంది? ఆమెకు మాటలు ముందే వచ్చు కాబట్టి, తెలిసిన మాటకు రూపం చూపించడమే మన పని. దీనికి మన కడప పక్క తిరిగే బస్సుల బోర్డులకు మించిన వాచకం లేదు. ఊరి పేర్లన్నీ ఆమె విన్నవే.

మొదటి మాట కడప. మూడూ తలకట్టు అక్షరాలే, గుణింతం లేదు, వత్తు లేదు. వెంటనే అవే మూడక్షరాలు తిప్పి పడక అని రాసి చదివించండి. ఇది ఎందుకంటే, భాష వచ్చిన పిల్లలు మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేస్తారు. రా కనబడితే చాలు, రాజంపేట అనేస్తారు. చదివినట్లే ఉంటుంది కానీ చదవలేదు. అక్షరాలు తారుమారు చేసినా సరిగ్గా పలికితేనే ఆ అక్షరం వచ్చినట్లు లెక్క.

తర్వాత రోజుకు ఒకటో రెండో గుర్తులు చాలు. రాయచోటిలో దీర్ఘం, ఓత్వం, గుడి మూడూ దొరుకుతాయి. నందలూరులో సున్న, మైదుకూరులో ఐత్వం, రాజంపేటలో ఏత్వం ఉన్నాయి. పులివెందుల దగ్గర కాసేపు ఆగండి. రు, దు లలో పక్కన వచ్చే కొమ్ము పు లో అడుగున తగులుకుంటుంది. వు కూడా అంతే. వ కు కొమ్ము పక్కన పెడితే మ లాగా కనబడుతుందని చూపిస్తే చాలు, మళ్లీ పొరబడదు. ఇరవై నిమిషాలు దాటనీయొద్దు. చదివిన పేరును మూసిపెట్టి, చూడకుండా రాయించి ముగించండి.

అసలు చిక్కు వత్తుల దగ్గర వస్తుంది, అందులోనూ హిందీ చదివే పిల్లలకు. హిందీలో రెండు హల్లులు కలిస్తే మొదటిది సగమై, అచ్చు గుర్తు రెండోదాని మీద ఉంటుంది. మనకు మొదటిది నిండుగా నిలబడుతుంది, గుర్తు దాని మీదే ఉంటుంది, రెండోది వత్తై కిందికి పోతుంది. పలికేటప్పుడు మాత్రం అచ్చు చివర వస్తుంది. అందుకే బద్వేలును ఈ పిల్లలు 'బదేవలు' అని చదువుతారు. వస్తాను 'వసాతను' అవుతుంది. ఇట్లాంటి తప్పు వింటే కన్ను ఎక్కడ మోసపోయిందో అర్థమైనట్లే.

ద్వే ను ఇట్ల విడగొట్టి చూపించండి. మీద ఉన్న ఏత్వాన్ని వేలితో మూయండి. ద ను పొల్లుగా ద్ అనమనండి, కింద ఉన్న వ ను కలపమనండి, ద్వ వచ్చింది. ఇప్పుడు వేలు తీసి మీది ఏత్వం కలిపితే ద్వే. పై అక్షరం, కింది అక్షరం, చివరికి గుర్తు: చదివే వరస ఇది. రాసేటప్పుడు వరస వేరు. ముందు దే రాసి, ఆఖరున కింద వత్తు పెడతాం. ఈ రెండు వరసలు వేరని విడిగా చెప్పకపోతే, చదవడం వచ్చిన పిల్ల కూడా రాయడంలో వత్తును తప్పు అక్షరం కింద పెడుతుంది.

వత్తుల్లో చాలావరకు తలకట్టు తీసేసిన చిన్న అక్షరాలే. అక్క, అవ్వ, అబ్బ చూపిస్తే తనే పోల్చుకుంటుంది. రూపమే మారిపోయేవి ముఖ్యంగా ఆరు: త, న, మ, య, ర, ల. వాటిలో అయిదు ఇంటి మాటల్లోనే ఉన్నాయి: అత్త, అన్న, అమ్మ, అయ్య, పిల్ల. ర వత్తుకు ప్రొద్దుటూరు ఉంది. నోట్లో పొద్దుటూరే కదా, బోర్డు మీద ఈ ర ఎక్కడిదని తప్పకుండా అడుగుతుంది. పలికేది ఒకటి, రాసేది ఒకటి అని చెప్పడానికి అదే మంచి సందు. సిద్ధవటంలో ధ కూడా అంతే. ధ, భ లాంటి ఒత్తి పలికే అక్షరాలు మన మాటలో అంతగా వినబడవు కాబట్టి వాటిని జాబితాగా బట్టీ పట్టించొద్దు, మాటతోపాటు గుర్తుంచుకోనీయండి.

రెండో నెలకు వాక్యాల్లోకి రండి. ఆమె చెప్పిన మాట చెప్పినట్లు మీరు రాయండి: 'మామ యాడికి పోయినాడు? అవ్వ చెనిక్కాయలు ఉడకబెడతాంది.' దాన్ని ఆమెతోనే చదివించండి. సొంత మాట కాబట్టి అక్షరాలు కూడబలుక్కున్నా అర్థం వెంటనే తగులుతుంది. ఇది కుదిరినాక పక్క పేజీలో పుస్తకం మాట రాయండి: 'మామ ఎక్కడికి వెళ్లాడు? అవ్వ వేరుశనగకాయలు ఉడకబెడుతోంది.' మొదటిదాన్ని తప్పని కొట్టేయొద్దు. కొట్టేస్తే ఆ పిల్ల రాయడం మానేస్తుంది, కొన్నాళ్లకు మాట్లాడటానికి కూడా జంకుతుంది. ఇంటి మాట, పుస్తకం మాట అని రెండు పేర్లు పెట్టుకుంటే సరిపోతుంది. ఈ దశలో ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. వయసు చూసి పెద్ద కథలకు పోకుండా ఒకటో స్థాయి నుంచే మొదలుపెట్టండి.

కువైట్‌కు తిరిగి పోయినాక ఫోన్ ఒక్కటే దారి. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులోకి మార్చే కీబోర్డు సుళువే, కానీ దానితో రాయడం రాదు. n కొడితే న, ణ ల్లో ఒకటి, l కొడితే ల, ళ ల్లో ఒకటి అదే ఎంచి పెడుతుంది. పిల్ల చేసేది వచ్చినదాన్ని ఒప్పుకోవడమే. అక్షరాలు నేరుగా కనబడే తెలుగు కీబోర్డు పెట్టించండి. అందులో వత్తు రావాలంటే ద తర్వాత పొల్లు, తర్వాత వ, చివర ఏత్వం నొక్కాలి. చదివే వరస ఏదో అదే కాబట్టి మీరు నేర్పింది అక్కడ గట్టిపడుతుంది. అవ్వ వాయిస్ మెసేజ్ పంపితే పాప ఒక్క వాక్యం తెలుగులో కొట్టి జవాబియ్యాలి. వారానికి ఒకసారి కాగితం మీద రాసి ఫోటో పంపమనండి, లేకుంటే చేతిరాత మొదట పోతుంది.

రెండు నెలల్లో బోర్డులు, మెసేజ్‌లు, చిన్న కథలు నిదానంగా చదవగలదు. పేపరు చదవాలని మాత్రం ఈ సెలవల్లో పట్టుబట్టొద్దు. అందులోని మాటలు సగం ఇంట్లో వినబడనివి, వాటికి ఇంకో సెలవలు పడతాయి.