ఎండాకు తెగులు: ముందు నీళ్ల దారి చూడండి

"వరి ఆకులు కొసల నుంచి అంచుల వెంట పసుపుపచ్చగా మారి ఎండిపోతున్నాయి. పై మడి నీళ్లు మా మడిలోకే వస్తాయి. ఏ మందు కొట్టాలి?"

మందు కొనేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. పసుపు, ఆకుపచ్చ కలిసేచోట ఆకును రెండంగుళాల ముక్క కోసి, గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి, కోసిన అంచు నీళ్లలో ఉండేలా నిలబెట్టండి. కాసేపటికి ఆ అంచు నుంచి పాలలాంటి తీగ కిందికి జారితే అది బాక్టీరియా ఎండాకు తెగులే. తెల్లవారుజామున ఆకుల మీద పసుపు జిగురు బొట్లు కూడా కనిపిస్తాయి. అవి ఎండి రాలి నీళ్లలో కలుస్తాయి, లేదా వాన చినుకులతో పక్క దుబ్బుల మీదికి చింది పడతాయి.

మా మడిలో ఇది గాలివాన వచ్చిన వారం పది రోజులకు బయటపడింది. నన్ను ఆలోచింపజేసింది అది మొదలైన చోటు. పై మడి నీళ్లు దిగే గండి దగ్గర దుబ్బులు ముందు ఎండాయి, అక్కడి నుంచి నీళ్లు పారిన వైపే పసుపు సాగింది. గాలికి ఆకులు ఒకదానికొకటి రాసుకుని చీరుకుపోయాయి, ఆ గాయాల్లోంచి బాక్టీరియా లోపలికి దిగింది. గాయం లేకపోయినా ఆకు కొసల్లో, అంచుల్లో నీటిబొట్లు ఊరే సన్నని రంధ్రాలు దానికి చాలు. అందుకే ఎండటం కొస నుంచి మొదలవుతుంది.

నేను ముందు గండి మూసి, మడిలో నిలిచిన నీళ్లు తీసేశాను. ఆ నీళ్లు ఇంకొకరి మడిలోకి పోకుండా చూసుకోవాలి, లేకపోతే తెగులు వాళ్లకు అంటించినట్టే. వేయబోయిన యూరియా ఆపేశాను. నత్రజని ఎక్కువైతే ఆకులు మెత్తగా, గుబురుగా పెరిగి తెగులుకు బాగా లొంగుతాయి. ఆకులు తడిగా ఉన్నంతసేపు కలుపుకు కూడా మడిలోకి దిగలేదు.

మందు విషయానికొస్తే, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి కొట్టాను. అది ఆకు పైనున్న బాక్టీరియా మీదే పనిచేస్తుంది, ఈనెల్లోకి చేరినదాన్ని ఏమీ చేయలేదు. ఎండిన ఆకులు మళ్లీ పచ్చబడలేదు, కొత్తగా వచ్చినవి మాత్రం చాలావరకు శుభ్రంగా ఉన్నాయి. ఇందులో మందు వాటా ఎంతో, నీళ్లు తీయడం వాటా ఎంతో విడదీసి చెప్పలేను. చిరుపొట్ట దాటాక పోటాకు కూడా ఎండితే గింజ తాలు పోతుంది, కాబట్టి ఆలస్యం చేయకండి.

నా పెద్ద పొరపాటు నాట్లప్పుడే జరిగింది. నారు ముదిరి పొడవైందని కొసలు కోసి నాటించాను. కోసిన ప్రతి కొసా తెరిచిన గాయమే, అదీ నీళ్లలో నిలబడిన మొక్కకు. అలా సోకితే నాటిన రెండు మూడు వారాల్లోనే మొక్క మొత్తం వాడి చచ్చిపోయే రూపం కూడా ఉంది. తర్వాతి పంటకు నారు ముదరకముందే, కొసలు కోయకుండా నాటాను. తెగులును తట్టుకునే జన్యువులు కలిపిన రకం ఎంచుకున్నాను. యూరియా మూడు దఫాలుగా వేశాను. పై మడి వాళ్లతో మాట్లాడి, మా నీళ్లకు గట్టు వెంట వేరే బోదె తీశాం.