టీమ్‌లో ఒకరు వెనకబడితే: టీమ్ లీడ్ ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి?

వైజాగ్‌లో, ఋషికొండ దగ్గర కంపెనీలో టీమ్ లీడ్ ఇంటర్వ్యూ ఉందండి. ఇంతవరకూ ఎవరినీ మేనేజ్ చేయలేదు. "టీమ్‌లో ఒకరు సరిగా పనిచేయకపోతే ఏం చేస్తారు?" అంటే ఏం చెప్పాలి?

"మాట్లాడతాను, ట్రైనింగ్ ఇప్పిస్తాను" అని అందరూ చెప్తారు. రోగం తెలియకుండానే మందు రాస్తున్నారా అన్నదే అవతలివాళ్లు చూసేది. అందుకే ఒక్క కేసు పట్టుకుని చెప్పండి.

సపోర్ట్ టీమ్‌లో ఒకతను క్లోజ్ చేసిన టికెట్లలో పదింటికి మూడు మళ్లీ ఓపెన్ అవుతున్నాయనుకోండి. ముందు ఆ టికెట్లు నేనే చదువుతానని చెప్పండి. అన్నీ ఒకే మాడ్యూల్‌వైతే అతనికి ఆ పని రాకపోవచ్చు, ట్రైనింగ్ పనికొస్తుంది. అన్నీ షిఫ్ట్ ఆఖరి గంటలోవైతే గాజువాక బస్సు అందుకోవాలన్న తొందరేమో! దానికి ఎంత ట్రైనింగ్ ఇచ్చినా దండగే, షిఫ్ట్ టైమ్ సర్దాలి.

తర్వాత విడిగా కూర్చుని, టికెట్లు ముందు పెట్టి "ఇవెందుకు తిరిగొచ్చాయి?" అని అడిగి వినాలి. "నీకు శ్రద్ధ లేదు" అన్నారో, అతను ఇంక నోరు విప్పడు. నెలలో పదింటికి ఒకటికి తగ్గాలని, వారం వారం కలిసి చూద్దామని ఒప్పుకున్నది అదే రోజు మెయిల్‌లో పెట్టాలి. లేకపోతే రేపు హెచ్ఆర్ అడిగితే చూపించడానికేమీ ఉండదు.

"అయినా మారకపోతే?" అని తప్పకుండా అడుగుతారు. మీ మేనేజర్‌కి, హెచ్ఆర్‌కి ఆ రికార్డు చూపించి, గడువు పెట్టి పెర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్ అడుగుతానని చెప్పండి. "తీసేస్తాను" అనకండి, మామూలుగా ఆ అధికారం టీమ్ లీడ్‌కి ఉండదు.