టీబీ మందులు వాడుతున్నా దగ్గు తగ్గట్లేదు... వాగు పీతలే కారణమా?

ప్రశ్న: మా అన్నయ్యకు 34 ఏళ్లు, బరువు 60 కిలోలు. నాగాలాండ్‌లో రోడ్డు పనుల దగ్గర సూపర్‌వైజర్‌గా రెండేళ్లు ఉండి వచ్చాడు. పది నెలలుగా దగ్గు. పొద్దున లేవగానే చాక్లెట్ రంగు కళ్లె పడుతుంది, అప్పుడప్పుడు నెత్తురు చార కూడా. జ్వరం లేదు, తిండి బాగానే తింటాడు. ఎక్స్‌రేలో మచ్చ ఉందని టీబీ మందులు మొదలుపెట్టారు. కళ్లె పరీక్షలో, సీబీనాట్‌లో క్రిమి మాత్రం కనపడలేదు. ఇప్పుడు నాలుగో నెల, ఏమీ తేడా లేదు. అక్కడ వాగు పీతల్ని సగం కాల్చి నూరిన పచ్చడి తినేవాడట. దాంతో ఊపిరితిత్తుల్లో పురుగు చేరుతుందని తోటి ఉద్యోగి అంటున్నాడు. నిజమేనా? టీబీ మందులు ఆపేయాలా? ఇంట్లో చిన్నపిల్లలున్నారు. - ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: తోటి ఉద్యోగి చెప్పింది నిజమే కావచ్చు. మీరు రాసిన వివరాలు పారాగోనిమియాసిస్ అనే జబ్బుకు బాగా సరిపోతున్నాయి. అయినా మందులు మీ అంతట మీరు ఆపొద్దు. ముందు చేయించాల్సిన పరీక్ష ఒకటుంది. అది ఖరీదైనదేమీ కాదు, అడిగి చేయించుకోవాలంతే.

మన దేశంలో ఈ జబ్బు ప్రధానంగా మణిపూర్, నాగాలాండ్, అరుణాచల్ ప్రదేశ్‌లలో కనిపిస్తుంది. అక్కడి కొండ వాగుల్లోని పీతల కండలో, మొప్పల్లో పారాగోనిమస్ అనే పురుగు పిల్లలు కంటికి ఆనని చిన్న తిత్తుల్లో దాక్కుని ఉంటాయి. పీతను పచ్చిగానో, పైపైన కాల్చో తింటే ఆ తిత్తి మన చిన్నపేగులో విడిపోతుంది. బయటపడ్డ పురుగు పేగు గోడను తొలుచుకుని కడుపు కుహరంలోకి, అక్కడి నుంచి డయాఫ్రం దాటి ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరలోకి, చివరికి ఊపిరితిత్తిలోకి చేరుతుంది. పెరిగి గుడ్లు పెట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటికి అది సుమారు ఒక సెంటీమీటరు పొడవుతో, ఎర్రటి గోధుమరంగులో, కాఫీ గింజంత ఉంటుంది. ఏళ్ల తరబడి, ఒక్కోసారి ఇరవై ఏళ్ల దాకా బతుకుతుంది. అందుకే ఊరు మారి వచ్చాక కూడా జబ్బు వెంట ఉంటుంది.

ఈ పురుగులు తరచూ జంటగా ఉంటాయి. వాటి చుట్టూ శరీరం ఒక గూడులాంటి తిత్తి కడుతుంది. ఆ తిత్తి దగ్గర్లోని శ్వాసనాళంలోకి తెరుచుకున్నప్పుడు పాత రక్తం, చచ్చిన కణజాలం, వేలకొద్దీ గుడ్లు కలిసి దగ్గుతో బయటికి వస్తాయి. మీ అన్నయ్యకు పడుతున్న చాక్లెట్ రంగు కళ్లె ఇలాంటిదే కావచ్చు. ఆ గుడ్లు వాగు నీటిలో పడితే రెండు మూడు వారాలకు పొదిగి, పిల్లలు నత్తలోకి దూరతాయి. నత్తలో సంఖ్య పెంచుకుని బయటికి వచ్చి పీతలోకి చేరతాయి. నత్త, పీత లేకుండా ఈ చక్రం పూర్తవదు. కాబట్టి మనిషి దగ్గితే ఇంకో మనిషికి ఇది అంటదు.

ఇప్పుడు టీబీతో పోలిక దగ్గరికి వద్దాం. నెలల తరబడి దగ్గు, నెత్తురు పడటం, ఎక్స్‌రేలో మచ్చలు, గుహల్లాంటి ఖాళీలు, ఒక్కోసారి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరడం... ఇవన్నీ రెండింటిలోనూ ఉంటాయి. టీబీ ఎక్కువగా ఉన్న మన దేశంలో డాక్టరు ముందు టీబీనే అనుమానించడం సబబే. తేడా చెప్పే ఆనవాళ్లు కొన్ని ఉన్నాయి. ఈ పురుగు ఉన్నవారిలో చాలామంది నెత్తురు పడుతున్నా బరువు తగ్గకుండా, సాయంత్రం జ్వరం లేకుండా తిరుగుతుంటారు. మచ్చలు పైభాగంలో కంటే మధ్యలో, కిందివైపు ఎక్కువగా ఉంటాయి. రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు తరచూ పెరుగుతాయి, అయితే జబ్బు పాతబడ్డాక మామూలు స్థాయికి రావచ్చు. ఇసినోఫిల్స్ చూసి మన దగ్గర ఫైలేరియా పురుగు వల్ల వచ్చే ట్రాపికల్ ఇసినోఫిలియా అనుకుని డీఈసీ మాత్రలు ఇవ్వడమూ జరుగుతుంది. ఆ మందుకు ఈ పురుగు చావదు. నులిపురుగులకు వేసే ఆల్బెండజోల్‌నూ నమ్ముకోవద్దు.

అసలు చిక్కు ల్యాబ్‌లో ఉంది. టీబీ క్రిమి కోసం కళ్లెను గాజుపలక మీద ఆరబెట్టి, రంగు వేసి వేడి చేసి, యాసిడ్‌తో కడుగుతారు. ఆ పనిలో పురుగు గుడ్లు నలిగి ఆనవాలు పట్టలేనట్టు అయిపోతాయి. సీబీనాట్ టీబీ క్రిమి జన్యువును తప్ప ఇంకేదీ వెతకదు. అందువల్ల ఎన్నిసార్లు ఆ పరీక్షలు చేసినా రిపోర్టు నెగెటివ్ అనే వస్తుంది.

కాబట్టి ల్యాబ్ చీటీ మీద 'పారాగోనిమస్ గుడ్ల కోసం, రంగు వేయని తడి స్లైడ్' అని డాక్టరుతో రాయించుకోండి. పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, లోతుగా దగ్గి తీసిన కళ్లెను మూడు రోజులు వరుసగా ఇవ్వండి. అందులో తుప్పు రంగు నలుసులున్న చోటు నుంచి చుక్క తీసి, కవర్ స్లిప్ పెట్టి 10ఎక్స్ లెన్స్ కింద చూడమనండి. గుడ్డు 80 నుంచి 120 మైక్రాన్ల పొడవుతో, బంగారు గోధుమరంగులో, ఒక కొసన మూతతో ఉంటుంది. చూడటం తెలిసినవారికి పోల్చుకోవడం కష్టం కాదు. కళ్లెను మింగేవారికి మలంలోనూ గుడ్లు కనిపిస్తాయి, అందుకని మల పరీక్ష కూడా చేయించండి. గుడ్లు ఒక్కోసారి దొరకవు. అప్పుడు రక్తంలో యాంటీబాడీల పరీక్ష పనికొస్తుంది. దాని గురించి డిబ్రూగఢ్‌లోని ఐసీఎంఆర్ ప్రాంతీయ కేంద్రాన్ని మీ డాక్టరు సంప్రదించవచ్చు.

గుడ్లు కనిపిస్తే వాడే మందు ప్రాజిక్వాంటెల్. కిలో బరువుకు 25 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, రెండు లేదా మూడు రోజులు ఇస్తారు. 60 కిలోలకు పూటకు 1500 మిల్లీగ్రాములు, అంటే 600 మిల్లీగ్రాముల మాత్రలు రెండున్నర. అన్నంతో పాటు, నమలకుండా మింగాలి. మగతగా, తల తిరిగినట్టు ఉండొచ్చు కాబట్టి ఆ రోజుల్లో, మర్నాడు బండి నడపకూడదు.

మీ అన్నయ్య విషయంలో ఒక ముఖ్యమైన సంగతి గుర్తుపెట్టుకోండి. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ ప్రాజిక్వాంటెల్‌ను రక్తంలో నిలవనివ్వదు. రెండూ కలిపి వేస్తే పురుగు చావదు. 'ఆ మందు కూడా పనిచేయలేదు, ఇది పురుగు కాదు' అని పొరపాటుగా తేల్చే ప్రమాదం ఉంది. రిఫాంపిసిన్ ఆపి కనీసం నాలుగు వారాలయ్యాకే ప్రాజిక్వాంటెల్ మొదలుపెట్టాలి. టీబీ, ఈ పురుగు ఒకే మనిషిలో కలిసి ఉండటమూ సాధ్యమే. అందుకే కళ్లెలోని టీబీ క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ పరీక్ష కూడా చేయించి, రిఫాంపిసిన్ ఆపాలా, కోర్సు పూర్తి చేశాక పురుగు మందు ఇవ్వాలా అన్నది ఛాతీ వైద్యుడూ టీబీ యూనిట్టూ కలిసి నిర్ణయించాలి. ఊపిరితిత్తికే పరిమితమైన జబ్బు అయితే కొన్ని వారాలు ఆగడం వల్ల సాధారణంగా నష్టం లేదు.

ఆగకూడని సందర్భం ఒకటుంది. దారి తప్పిన పురుగు మెదడుకు చేరొచ్చు. ఫిట్స్, విడవని తలనొప్పి, చూపు మందగించడం, ఒక పక్క బలహీనత ఉంటే వెంటనే మెదడు స్కాన్ తీయించాలి. అప్పుడు ప్రాజిక్వాంటెల్‌ను ఆసుపత్రిలో, అవసరమైతే స్టెరాయిడ్ల రక్షణతో ఇస్తారు.

పిల్లల సంగతి: టీబీ కాదని తేలేదాకా ఆయన మాస్కు పెట్టుకోవాలి, గాలి ఆడే గదిలో పడుకోవాలి. పురుగే అయితే పిల్లలకు భయం లేదు. ఆ పచ్చడి ఆయనతో కలిసి తిన్నవారికి మాత్రం కబురు పెట్టి పరీక్ష చేయించుకోమనండి. మీరు ఇంట్లో వండుకునే ఎండ్రకాయల పులుసు లోపలి కండ దాకా బాగా ఉడికితే చాలు. ఉప్పు, వెనిగర్, సారా ఆ తిత్తుల్ని నమ్మకంగా చంపవు. దగ్గుకు మంచిదని పచ్చి ఎండ్రకాయ దంచి రసం తాగించే అలవాటు మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే మాన్పించండి. పచ్చి పీతను కోసిన కత్తిని, పీటను సబ్బుతో కడిగాకే ఉల్లిపాయలు, కొత్తిమీర కోయండి.