స్లీపర్‌కి 120, థర్డ్ ఏసీకి 260: ఒకే రోజు క్యాన్సిల్ చేస్తే ఎందుకీ తేడా?

ప్రశ్న: 2024 మేలో బండికి ముందు రోజు నా స్లీపర్ టికెట్ (390 రూపాయలు) క్యాన్సిల్ చేస్తే 120 పట్టుకున్నారు. అదే బండిలో అన్నయ్య థర్డ్ ఏసీ టికెట్ (1,000) క్యాన్సిల్ చేస్తే 260 దాకా పోయింది. రూలు ఒకటేగా?

రూలు ఒకటేనండి. కాకపోతే అందులో రెండు లెక్కలుండేవి, ఏది ఎక్కువైతే అది పట్టుకునేవారు. మీరు టికెట్లు తీసుకున్ననాటికి ఉన్నది 2015 నవంబర్‌లో వచ్చిన పద్ధతి. కన్ఫర్మ్ టికెట్‌ని బండికి 48 గంటల ముందే క్యాన్సిల్ చేస్తే మనిషికింత అని కట్ అయ్యేది: స్లీపర్‌కి 120, థర్డ్ ఏసీకి 180, సెకండ్ ఏసీకి 200. 48 నుంచి 12 గంటల మధ్యలో చార్జీలో 25 శాతం, కానీ ఆ 120 లేదా 180 కంటే తగ్గేది కాదు.

మీ 390లో 25 శాతం 97 రూపాయల చిల్లర. అది 120 కంటే తక్కువ కాబట్టి 120 పట్టుకున్నారు. అంటే మీరు మూడు రోజుల ముందు క్యాన్సిల్ చేసినా అంతే పోయేది. అన్నయ్యగారి వెయ్యిలో 25 శాతం 250, అది 180 దాటింది. ఏసీ కాబట్టి దానిమీద 5 శాతం జీఎస్టీ. స్లీపర్‌కి ఆ జీఎస్టీ లేదు. ఈ లెక్కన స్లీపర్ చార్జీ 480, థర్డ్ ఏసీ చార్జీ 720 దాటితేనే 48 గంటల గడువు కోసం తొందరపడాల్సి వచ్చేది.

ఆ పద్ధతిలో అసలు దెబ్బ తగిలేది 12 గంటల దగ్గర. అక్కడి నుంచి 4 గంటల ముందు వరకు సగం చార్జీ పోయేది, 4 గంటల్లోపు అయితే ఏమీ వచ్చేది కాదు. 2023 డిసెంబర్‌లో మేం ముగ్గురం తిరుపతి వెళ్లాలి. థర్డ్ ఏసీ, మనిషికి సుమారు వెయ్యి, బండి రాత్రి 8 గంటలకు. ముందు రోజు నుంచే అమ్మకు జ్వరం. "పొద్దున చూద్దాంలేరా, తగ్గిపోతుంది" అంది. పొద్దున 7:40కి బ్లడ్ రిపోర్ట్ ఫోన్‌కి వచ్చింది, డెంగీ. ఆసుపత్రికి బయల్దేరే టెన్షన్‌లో ఫోన్ తీసి క్యాన్సిల్ నొక్కేసరికి 8:10. ఆ పది నిమిషాలకు 750 పోవాల్సింది 1,500 పోయింది, జీఎస్టీ అదనం. మూడు వేలకు మా చేతికొచ్చింది 1,425. బుకింగ్ అప్పుడు కట్టిన కన్వీనియన్స్ ఫీజు ఎలాగూ వెనక్కి రాదు.

అందుకే ప్రయాణం అనుమానంగా ఉంటే నేనిప్పుడు సగం చార్జీ పోయే గడువు ఎప్పుడు మొదలవుతుందో చూసి, దానికి అరగంట ముందు అలారం పెడుతున్నా. తత్కాల్ కన్ఫర్మ్ టికెట్‌కి మాత్రం ఈ లెక్కలేవీ వర్తించవు, దానికి ఎప్పుడు క్యాన్సిల్ చేసినా రీఫండ్ లేదు. ఈ గంటల హద్దులను రైల్వే మారుస్తుంటుంది, కాబట్టి మీ తర్వాతి టికెట్‌కి ఆ రోజు అమల్లో ఉన్న గడువు చూసుకుని అలారం పెట్టుకోండి.