శనివారం పరీక్షకి మంగళవారం నుంచే నిద్ర

చిట్టీ,

సోమవారం రాత్రి డ్యూటీ మార్చడానికి మీ ఇన్‌ఛార్జి సిస్టర్ ఒప్పుకోలేదని, శనివారం పొద్దున్నే విశాఖపట్నంలో ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష ఉందని అక్క ఫోన్‌లో చెప్పింది. ఇంగ్లీషు సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. రాత్రంతా మేలుకుని పగలు పడుకునే ఒంటిని పగటి పరీక్షకి ఎలా తిప్పుకోవాలో మాత్రం చెప్తాను. వార్డులో నా కింద పనిచేసి, ఈ పరీక్ష రాసి వెళ్ళిన పిల్లల్ని చాలామందిని చూశాను కదా.

ముందు పరీక్ష ఎలా నడుస్తుందో ఒంటి లెక్కలో చూడు. లిజనింగ్ అరగంట, రీడింగ్ గంట, రైటింగ్ గంట. మూడూ వరసగా జరుగుతాయి, మధ్యలో విరామం లేదు. దానికి ముందు పాస్‌పోర్టు చూసుకోవడం, ఫొటో తీయడం లాంటివి ఉంటాయి. నీ మెయిల్‌లో ఉన్న టైమే ఖాయం. నేను మాత్రం 8 గంటలకి గేటు, 9కి మొదలు అనుకుని రాస్తున్నాను. అలా అయితే మధ్యలో సూచనలకి పట్టే టైము కలుపుకుని రైటింగ్ 10:40 ప్రాంతంలో మొదలవుతుంది. అందులో రెండో ప్రశ్న 250 మాటల వ్యాసం. మొదటిదాని కంటే దీనికి రెట్టింపు విలువ. దాన్ని రాసేది 11 నుంచి 11:40 దాకా. నైట్ చేసొచ్చిన రోజు ఆ టైముకి నువ్వు ఏం చేస్తావో చెప్పు? తలుపులు మూసుకుని, ఫ్యాను పెట్టుకుని, గాఢ నిద్రలో ఉంటావు. ఈ వారం నువ్వు చెయ్యాల్సిందల్లా ఆ 40 నిమిషాలకి మెలకువ తెచ్చుకోవడమే.

మంగళవారంతోనే మొదలుపెట్టు. డ్యూటీ దిగి 8:30కి ఇంటికొస్తావు. ఎప్పట్లా సాయంత్రం 4 దాకా పడుకున్నావంటే ఆ రాత్రి 2 అయినా కన్ను మూతపడదు, బుధవారం కూడా పోయినట్టే. కాబట్టి కాస్త తిని 9కి పడుకో, 12కి అలారం పెట్టుకుని లేచిపో. అలారాన్ని నమ్మకపోతే అమ్మకి అప్పజెప్పు, తనైతే దుప్పటి లాగేస్తుంది. లేచాక తల బరువుగా, చిరాగ్గా ఉంటుంది. ఆ మధ్యాహ్నం పుస్తకం ముట్టుకోకు. స్నానం చెయ్యి, బజారు పని చూసుకో, ఎవరితోనైనా మాట్లాడు. స్కూటీ మాత్రం తీయకు, నిద్ర చాలని కళ్ళతో బండి నడపడం ప్రమాదం. రాత్రి 9:30కి పడుకుంటే నిద్ర దానంతటదే ముంచుకొస్తుంది.

బుధవారం నుంచి లేచే టైము ఒక్కటే గట్టిగా పట్టుకో. 5:30 అంటే 5:30. పడుకునే టైముని ఎవరూ శాసించలేరు, లేచే టైముని శాసించగలరు. లేచిన అరగంటలోపు మేడ మీదకో వీధిలోకో వెళ్ళి వెలుతురులో ఓ 20 నిమిషాలు తిరుగు. కంట్లో పడే పొద్దుటి వెలుగే ఒంటికి పగలు మొదలైందని చెప్తుంది. గదిలో ట్యూబులైటు ఆ పని చెయ్యలేదు. ఒంటి గడియారం రోజుకి ఓ గంట, మహా అయితే గంటన్నర జరుగుతుంది. అందుకే శుక్రవారం ఒక్కరోజులో సర్దుకుంటానంటే కుదరదు, మంగళవారం నుంచి పట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. మీ రోస్టర్‌లో వారం నైటు, వారం డే మారుతూ ఉంటాయి కాబట్టి నీ ఒళ్ళు పూర్తిగా రాత్రికి తిరిగిపోయి కూడా ఉండదు. అది నీకు కలిసొచ్చేదే.

బుధవారం పొద్దున 10, 11 మధ్య నిద్ర తూగుతుంది. ఆ టైములో లిజనింగ్ పెట్టుకుంటే నాలుగు ప్రశ్నలు తప్పిపోతాయి, నువ్వు బెంబేలెత్తి రాత్రి 12 దాకా చదువుతావు, సర్దుకుంటున్న నిద్ర మళ్ళీ చెడుతుంది. ఆ మార్కులు నీ ఇంగ్లీషువి కావు, నిద్రవి. లెక్క వేసుకోకు. మరీ ఆగలేకపోతే మధ్యాహ్నం భోజనమయ్యాక 20 నిమిషాలు నడుం వాల్చు. అరగంట దాటనీయకు; దాటితే నిద్ర లోతుకి వెళ్ళి, లేచాక గంటసేపు తల తిమ్మిరెక్కినట్టు ఉంటుంది. 3 తరవాత ఆ కునుకు కూడా వద్దు.

నిద్ర రాకపోతే అవిల్ మాత్ర మింగే అలవాటు మన నర్సుల్లో ఉన్నదే, కాదేటి? ఈ వారం దాని జోలికి పోకు. రాత్రి వేసుకున్నదాని మత్తు మర్నాడు పొద్దున దాకా లాగుతుంది. జలుబుకి ఇచ్చే మాత్రల్లోనూ నిద్ర తెప్పించేవి ఉంటాయి, ఏది వేసుకుంటున్నావో చూసుకుని వేసుకో.

టీ గురించి అక్క నీకు ఇప్పటికే క్లాసు పీకి ఉంటుంది. పూర్తిగా మానెయ్యమంటుంది, మానకు. రోజుకి నాలుగైదు టీలు తాగే మనిషి ఒక్కసారి ఆపితే మర్నాడు, ఆ తరవాతి రోజు తలనొప్పి పట్టుకుంటుంది. గురువారం ఆపావంటే అది సరిగ్గా పరీక్ష రోజుకే వచ్చి కూర్చుంటుంది. మంగళవారం నుంచి సాయంత్రం టీలు తీసెయ్, పొద్దున ఒకటి, 11కి ఒకటి ఉంచుకో. మధ్యాహ్నం 2 దాటితే వద్దు. తాగిన టీలో సగం సత్తువ అయిదారు గంటల తరవాత కూడా ఒంట్లోనే ఉంటుంది.

తిండిని కూడా నిద్రతోపాటే జరుపుకోవాలి. నైట్‌లో అర్ధరాత్రి 1కి డబ్బా విప్పే అలవాటు నీది. పొద్దున 7కి ఆకలే ఉండదు. బుధవారం నుంచే ఆకలున్నా లేకపోయినా 6:45కి టిఫిన్ తిను, శనివారానికి ఆ టైముకి ఆకలి వస్తుంది. ఏం తినాలంటే, పరీక్ష రోజు ఏది తింటావో బుధ, గురు, శుక్రవారాల్లో కూడా అదే. నా మాటైతే మూడు ఇడ్లీలు, ఉడికించిన గుడ్డు, కాస్త పల్లీ చట్నీ. వట్టి ఇడ్లీలైతే 10:30కే కడుపు ఖాళీ అనిపిస్తుంది, గుడ్డూ పల్లీలూ ఉంటే రైటింగ్ అయ్యేదాకా నిలుస్తుంది. పూరీ, మైసూరు బోండా వద్దు, నూనెకి కళ్ళు మూతలు పడతాయి. నీకు ఇష్టమైన చద్దన్నం, రాగి అంబలి మంచివే. మిగతా రోజుల్లో హాయిగా తాగు. శనివారం మాత్రం వద్దు, అందులో సగం నీళ్ళే.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. పరీక్షలో చెయ్యెత్తి బాత్రూంకి వెళ్ళొచ్చు, కానీ గడియారం ఆగదు. లిజనింగ్‌లో ఆడియో ఒక్కసారే వినిపిస్తుంది, ఆ టైములో లేచావంటే పోయిన ప్రశ్నలు పోయినట్టే. ఏసీ చలికి మూత్రం ఇంకా తొందరగా వస్తుంది, పొడుగు చేతుల డ్రెస్సు వేసుకో. ముందురోజు సాయంత్రం దాకా బాగా తాగు. పొద్దున లేవగానే ఒక పెద్ద గ్లాసు, టిఫిన్‌తో ఒక చిన్న టీ. 7:15 తరవాత గొంతు తడుపుకోవడమే. లోపలికి వెళ్ళేముందు అవసరం అనిపించకపోయినా ఒకసారి వెళ్ళొచ్చెయ్. నీళ్ళ సీసా లోపలికి తీసుకెళ్ళాలంటే పారదర్శకంగా ఉండాలి, లేబుల్ పీకేసి తీసుకెళ్ళు. భయపడి ముందురోజు నుంచే నీళ్ళు మానేసే పిల్లలున్నారు. వాళ్ళకి రీడింగ్ మధ్యలో తలపోటు వస్తుంది.

నెలసరి ఆ రోజుల్లోనే ఉంటే వెనక్కి జరిపే మాత్రలు ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టకు. నొప్పికి నీకు ఇదివరకు పడిన మాత్రే టిఫిన్ తిన్నాక వేసుకో.

ఇక చదువు మధ్యలో ఆగడం. అరగంట చదివి పది నిమిషాలు ఫోన్ చూస్తే అది విశ్రాంతి కాదు, కళ్ళు మళ్ళీ అక్షరాల మీదే ఉన్నాయి. రీడింగ్‌లో ఒక్కో పాసేజీ 20 నిమిషాలు కదా, ఒకటి అవ్వగానే లేచి అయిదు నిమిషాలు పెరట్లోకి వెళ్ళు. రెండు గిన్నెలు తోము, దూరంగా ఉన్న చెట్టు వైపు చూడు, మెడ తిప్పు. ఫోన్ వేరే గదిలో ఉండాలి. బుధవారమంతా ఇలాగే ముక్కలు ముక్కలుగా చదువు.

గురువారం మాత్రం విరామాలన్నీ తీసేసి, సరిగ్గా 9కి కూర్చుని మూడూ ఒకే దమ్ముగా చెయ్యి. మార్కుల కోసం కాదు. ఎన్నింటికి ఆవులింత వచ్చింది, ఎన్నింటికి ఆకలేసింది, ఎన్నింటికి బాత్రూం గుర్తొచ్చింది, ఈ మూడూ ఓ కాగితం మీద రాసుకో. 10:15కే ఆకలేస్తే శుక్రవారం ఇంకో గుడ్డు వేసి చూడు. 11 దాటాక చదివిన వాక్యమే మళ్ళీ మళ్ళీ చదువుతున్నావంటే నిద్ర ఇంకా చాలలేదని లెక్క, ఆ రాత్రి 9కే పడుకో. మూత్రం ఆగకపోతే పొద్దుటి గ్లాసు సగం చెయ్యి. శుక్రవారం అలాంటి పూర్తి పరీక్ష పెట్టుకోకు, పొద్దున ఒక గంట పాత వ్యాసాలు తిరగేసి మూసెయ్.

పరీక్షలో నీకు దొరికే విశ్రాంతి ఒక భాగం ముగిసి ఇంకోటి మొదలయ్యే మధ్య కొన్ని క్షణాలే. అప్పుడు కళ్ళు మూసి, భుజాలు కిందకి వదిలి, నాలుగుసార్లు నెమ్మదిగా ఊపిరి వదులు. లిజనింగ్ లోపల ఇచ్చే అర నిమిషాలు మాత్రం విశ్రాంతికి కాదు, రాబోయే ప్రశ్నలు చదువుకోడానికి.

విజయనగరం పిల్లలైతే 60 కిలోమీటర్లే కాబట్టి తెల్లారి బయల్దేరినా సరిపోతుంది. శ్రీకాకుళం నుంచి 110 పైనే, 8కి గేటు దగ్గర ఉండాలంటే 4కే బస్సెక్కాలి, అంటే 3కే లేవాలి. చేసిందంతా బూడిదలో పోసినట్టే. శుక్రవారం మధ్యాహ్నం భోజనం చేసి బయల్దేరి, చీకటి పడకముందే మద్దిలపాలెంలో మన వాళ్ళింటికి చేరు. అక్కడ బిర్యానీ తెప్పిస్తామంటారు, పప్పన్నం చాలని చెప్పు. నీ తలగడ, దుప్పటి తీసుకెళ్ళు. కొత్తచోట మొదటి రాత్రి ఎవరికైనా నిద్ర పలచగానే పడుతుంది. 2కి మెలకువ వస్తే గడియారం చూడకు, లేచి చదవకు, కళ్ళు మూసుకుని పడుకునే ఉండు. బుధ, గురువారాల రాత్రులు బాగా పడుకున్న మనిషికి ఒక్క రాత్రి తగ్గినంత మాత్రాన వ్యాసం చెడదు.

మిగిలిన నాలుగో భాగం, స్పీకింగ్, అదే రోజు మధ్యాహ్నం వేసి ఉంటే, బయటికి రాగానే కడుపునిండా భోజనం చెయ్యకు. పెరుగన్నం డబ్బా, ఒక అరటిపండు పట్టుకెళ్ళి అందులో సగమే తిను, మిగతాది స్పీకింగ్ అయ్యాక తినొచ్చు. రెండో టీ అప్పుడు తాగు, ఓ అరగంట ముందు తాగితే సరిగ్గా లోపలికి వెళ్ళేసరికి పనిచేస్తుంది.

గురువారం కాగితం మీద ఏం రాసుకున్నావో సాయంత్రం ఫోన్ చేసి చెప్పు. 8 లోపు చెయ్యి, ఆ తరవాత ఎత్తను, నువ్వూ పడుకోవాలి.

నీ పిన్ని