క్లూ క్లూకీ కొత్త బొమ్మ గీయకండి

"షెడ్యూలింగ్ పజిల్‌లో 'ఫలానా అయితే' అనే కండిషన్ వస్తే చాలు, ప్రతి క్లూకీ మొదటినుంచి గీస్తున్నాను. పది నిమిషాలు పోతున్నాయి. అన్నీ ఒకే బొమ్మలో ఎలా పెట్టాలి?"

నంద్యాలలో బ్యాంక్ కోచింగ్‌కి వెళ్లే రోజుల్లో నాదీ ఇదే గోల. క్లూలను పేపర్లో ఇచ్చిన వరుసలోనే వాడేవాడిని, అదే తప్పు. ఇప్పుడైతే ముందు అన్నీ చదివి, ఒకే పేరు ఉన్న క్లూలను జత కడతాను.

సోమ నుంచి శని దాకా ఆరుగురికి రోజుకొకరి చొప్పున ఇంటర్వ్యూ అనుకోండి. మధు మర్నాడే రవి. రవి తర్వాత ఒక్కరిని వదిలి లత. మధు సోమవారం అయితే సీత శనివారం. గోపి సీత తర్వాతే ఎప్పుడో. నాని సోమవారం కాదు, రవి కంటే ముందు.

మొదటి రెండింటిలో రవి ఉన్నాడు. కలిపితే నాలుగు గళ్ల ముక్క వస్తుంది. ఆరు గళ్లలో అది మూడు రకాలుగానే పడుతుంది:

```
1)  మ  ర  _  ల  _  _
2)  _  మ  ర  _  ల  _
3)  _  _  మ  ర  _  ల
```

ఇదే అసలు బొమ్మ. ఇక కొత్తది గీయక్కర్లేదు, కొట్టేయడమే.

'అయితే' క్లూలో సీత ఉంది, గోపి క్లూలోనూ సీతే ఉంది. మొదటి వరుసలో మధు సోమవారం కాబట్టి సీత శనివారం రావాలి. మరి గోపి ఎక్కడికి వెళ్తాడు? శనివారం తర్వాత రోజే లేదు. ఆ వరుస కొట్టేయండి. రెండో వరుసలో రవికి ముందు ఖాళీ సోమవారం ఒక్కటే, అది నానికి కుదరదు. అదీ పోయింది. మూడో వరుసలో నాని మంగళవారం, మిగిలిన రెండు గళ్లలో సీత ముందు, గోపి తర్వాత. మొత్తం: సీత, నాని, మధు, రవి, గోపి, లత.

నేను పదేపదే బోల్తా పడింది 'అయితే' దగ్గరే. సీత శనివారం ఉంటే మధు సోమవారమే ఉండాలని తిరగేసి చదివేవాడిని. క్లూ ఆ మాట అనలేదు. దాన్నుంచి ఖాయంగా తేలేది ఒక్కటే: సీత శనివారం కాకపోతే మధు సోమవారం కాదు. ఇప్పుడు ఈ రెండో రూపాన్ని కూడా క్లూ పక్కనే రాసుకుంటాను.

వరుసలన్నీ కొట్టుకుపోతే ఏదో క్లూ తిరగేసి చదివినట్టు. చివరికి రెండు మిగిలితే ఏదో క్లూ వాడనట్టు, ఎందుకంటే బ్యాంక్ పేపర్లలో ఇలాంటి సెట్‌కి సాధారణంగా ఒకే అమరిక వస్తుంది. మొదట్లోనే ఐదారు వరుసలు లేస్తుంటే మాత్రం నేను ఆ సెట్ వదిలి తర్వాతి దానికి వెళ్తాను. చాలా బ్యాంక్ పరీక్షల ప్రిలిమ్స్ రీజనింగ్‌లో 35 ప్రశ్నలకు ఇచ్చేది 20 నిమిషాలే కదా.