టెక్ సందేహాలు: వాటర్ ట్యాంక్ గాడ్జెట్‌కి క్రౌడ్‌ఫండింగ్‌లో ఏ దారి?

ప్రశ్న: సార్, మాది గాజువాక. నలుగురం ఇంజినీరింగ్ ఫైనలియర్. ఓవర్‌హెడ్ ట్యాంకులో నీళ్లు ఎంత ఉన్నాయో ఫోన్లో చూపించే పరికరం చేశాం. బాక్స్ మౌల్డ్‌కే 2 లక్షలు అంటున్నారు. కిక్‌స్టార్టర్ అనే క్రౌడ్‌ఫండింగ్ సైట్‌లో 5 లక్షలు టార్గెట్ పెడదామా, లేక వాట్సాప్ గ్రూపుల్లో తలా కొంత తీసుకుని వాటా ఇద్దామా?

జవాబు: క్రౌడ్‌ఫండింగ్ అంటే చాలామంది దగ్గర తలా కొంత డబ్బు సేకరించడం. అందులో నాలుగు దారులు: వాటా, అప్పు, విరాళం, రివార్డ్. ముందు వాటా సంగతి, ఎందుకంటే మీరు చిక్కుల్లో పడేది అక్కడే. కంపెనీల చట్టం 42వ సెక్షన్ ప్రకారం ప్రైవేట్ కంపెనీ షేర్లు ఇవ్వాలంటే ఫలానా వాళ్లని ముందే ఎంచుకుని, వాళ్లకే ఆఫర్ పంపాలి. అలా ఏడాదికి 200 మందిని దాటకూడదు, పైగా అందరికీ కనిపించేలా ప్రచారం చేయకూడదు. ‘ఐదు వేలు పెట్టండి, షేర్ ఇస్తాం’ అని అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టే మెసేజ్ సరిగ్గా ఆ ప్రచారమే అవుతుంది. అమెరికాలో 2016 నుంచి సామాన్యులు కూడా ఆన్‌లైన్లో షేర్లు కొనే పద్ధతి నడుస్తోంది, మీరు చూసే వీడియోలు చాలావరకు అక్కడివి. మన దగ్గర సెబీ 2014లో చర్చాపత్రం ఇచ్చింది గానీ అనుమతి ఇవ్వలేదు, 2016లో అయితే ఇలాంటి వేదికల విషయంలో జాగ్రత్తగా ఉండమని హెచ్చరించింది కూడా.

అప్పు దారి చట్టబద్ధమే. మనుషులు ఒకరికొకరు ఆన్‌లైన్లో నేరుగా అప్పిచ్చుకునే పీటూపీ వేదికలుంటాయి. ఆర్‌బీఐ లైసెన్సు ఉన్న అలాంటి వేదికల్లో, అన్నిటిలో కలిపి ఒకరు 10 లక్షల దాకా తీసుకోవచ్చు, గడువు 36 నెలలు మించదు. కానీ జీతం లేని విద్యార్థికి ఇవ్వడం కష్టం, ఇచ్చినా అప్పు మీ సొంత పేరు మీదే ఉంటుంది. 2 లక్షలకు 18 శాతం వడ్డీ అనుకుంటే మూడేళ్లకు నెలకు దాదాపు 7,230 కట్టాలి, మౌల్డ్ తయారై మొదటి బాక్సు అమ్ముడయ్యేసరికి ఆరు నెలలు పట్టిందనుకోండి, అప్పటికే 43 వేలు పోతాయి. విరాళం మీకు పనికిరాదు, ఇంట్లో మోటార్ ఆపుకోవడానికి వాడే వస్తువుకి ఊరికే డబ్బులు ఎవరిస్తారు? ఏదైనా హాస్టల్లోనో స్కూల్లోనో ఉచితంగా బిగించే పని అయితే అది వేరు.

మిగిలింది రివార్డ్, అంటే ముందే డబ్బు తీసుకుని తర్వాత వస్తువు ఇవ్వడం. నా ఓటు దీనికే, కానీ మీ 5 లక్షల టార్గెట్‌కి కాదు. (కిక్‌స్టార్టర్‌లో ప్రాజెక్టు పెట్టగల దేశాల్లో మనది లేదు, కాబట్టి ఇక్కడి వేదికో, సొంత ప్రీ-ఆర్డర్ పేజీయో చూసుకోవాలి.)

లెక్క ఇలా వేయండి. ధర 2,500 అనుకుందాం. ఆంధ్రలోనే అమ్మితే 40 లక్షల టర్నోవర్ దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు గానీ, హైదరాబాద్‌కి ఒక్క బాక్సు పంపినా కావాలి. 18 శాతం పన్ను ఆ 2,500లోనే ఉందనుకుంటే 381 ప్రభుత్వానికి పోతుంది. వేదిక, పేమెంట్ గేట్‌వే కలిపి పది శాతం అనుకుంటే 250. విడిభాగాలు, అసెంబ్లీకి పన్ను కాకుండా 1,300, ప్యాకింగ్, కొరియర్‌కి 150. చివరికి చేతిలో మిగిలేది 419. మీరు చెప్పిన 5 లక్షలంటే 200 ఆర్డర్లు, వాటి మీద 83,800 మిగులుతుంది, అంటే మౌల్డ్‌కి లక్షా పదహారు వేలు తక్కువ! 200 మందికి మాట ఇచ్చేసి బాక్సు తయారుచేయలేని స్థితి అది. మౌల్డ్ ఖర్చు రావాలంటే దాదాపు 480 ఆర్డర్లు, అంటే 12 లక్షలు కావాలి. అందుకే టార్గెట్ చేరకపోతే డబ్బు వెనక్కి వెళ్లిపోయే పద్ధతినే ఎంచుకోండి, వచ్చినంత ఉంచుకునే పద్ధతి వద్దు.

ఇంకోటి, మన ఊరి ఉప్పుగాలి సంగతి. ట్యాంకు మూత కింద ఎప్పుడూ ఆవిరి పట్టి ఉంటుంది, తెరిచి ఉండే అల్ట్రాసోనిక్ సెన్సర్ పిన్నులు ముందు తెల్లగా పొడి కట్టి, తర్వాత ఆకుపచ్చగా మారి రీడింగ్ గెంతడం మొదలవుతుంది. కొత్త సెన్సర్‌కీ రానుపోను కొరియర్‌కీ కలిపి 450 అయిందంటే ఆ బాక్సు మీద మిగిలిన 419 పోయి, ఇంకా చేతినుంచి పడినట్టే.

అందుకని మౌల్డ్ ఇప్పుడే వద్దు. నీళ్లు దూరని రెడీమేడ్ ప్లాస్టిక్ జంక్షన్ బాక్సులు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతాయి, వాటికి రంధ్రాలు వేసి వాటర్‌ప్రూఫ్ సెన్సర్ పెట్టి, ఎంవీపీ కాలనీలోనో బీచ్ రోడ్డు పక్కనో ఓ ముప్పై ఇళ్ల ట్యాంకుల్లో బిగించి ఒక వర్షాకాలం చూడండి. ఎన్ని తిరిగొచ్చాయో తెలిశాక ఆ ఖర్చు కూడా ధరలో కలిపి క్యాంపెయిన్ పెట్టండి, డెలివరీ తేదీ మాత్రం మౌల్డ్ వాళ్లు చెప్పినదానికి రెండు నెలలు కలిపి రాయండి.